కుక్క మోకాలు ఎందుకు జారుతుంది?

“వెనక కాలు కుంటుతోంది డాక్టర్ గారూ. ఎక్కడా పడలేదు, దెబ్బా తగల్లేదు. పొద్దున లేవగానే కుంటుతుంది, కాసేపు తిరిగితే సర్దుకుంటుంది.” లాబ్రడార్‌ను పెంచుకునేవాళ్లు పశువైద్యుల దగ్గర తరచూ చెప్పే మాట ఇది. ఆ కుక్కకు ఐదారేళ్లుంటాయి. ఉండాల్సిన బరువు కన్నా ఐదారు కిలోలు ఎక్కువే ఉంటుంది. ఇంట్లో అందరూ బెణికిందనే అనుకుంటారు. నిజానికి చాలాసార్లు అది బెణుకు కాదు. మోకాలి లోపల ఒక లిగమెంట్ నెలల తరబడి పోగు పోగుగా తెగుతూ ఉంటుంది.

కుక్క మోకాలి మధ్యలో రెండు లిగమెంట్లు ఒకదానికొకటి అడ్డంగా వెళతాయి. వాటిని క్రూసియేట్ లిగమెంట్లు అంటారు. వాటిలో ముందుది తొడ ఎముకను, దాని కింద ఉండే టిబియా అనే ఎముకను పట్టి ఉంచుతుంది. టిబియా ముందుకు జారకుండా, లోపలికి మరీ తిరగకుండా ఆపేది ఇదే. క్రికెటర్లకూ ఫుట్‌బాల్ ఆటగాళ్లకూ ఏసీఎల్ తెగిందని పేపర్లో చదువుతుంటాం కదా, కుక్కలో దానికి సమానమైనది ఇదే లిగమెంట్. పోలిక మాత్రం అక్కడితో సరి. ఆటగాడికి అది ఒక్క క్షణంలో, ఒక్క మలుపులో తెగుతుంది. కుక్కల్లో ఎక్కువ భాగం అలా కాదు. లిగమెంట్ లోపలి పోగులు ముందే బలహీనపడి ఉంటాయి. సోఫా మీంచి దూకినప్పుడు తెగింది చివరి పోగు మాత్రమే.

కుక్కకే ఎందుకిలా? దాని నిలబడే తీరు చూస్తే సగం సంగతి తెలుస్తుంది. మనిషి నిలబడితే మోకాలు నిటారుగా ఉంటుంది. కుక్క నిలబడినా మోకాలు వంగే ఉంటుంది. పైగా టిబియా పై భాగం చదునుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. మామూలు కుక్కల్లో ఆ వాలు ఇరవై రెండు నుంచి పాతిక డిగ్రీల వరకు ఉండడం సాధారణం. కుక్క కాలు మోపిన ప్రతిసారీ తొడ ఎముక ఆ వాలు మీద వెనక్కి జారబోతుంది, అంటే టిబియా ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపును ప్రతి అడుగులోనూ ఆపుతున్నది ఈ ఒక్క లిగమెంటే. లాబ్రడార్, రాట్‌వీలర్, న్యూఫౌండ్‌లాండ్ లాంటి జాతుల్లో ఈ జబ్బు ఎక్కువ. గ్రేహౌండ్‌లో అరుదు. అంటే వంశపారంపర్య కారణమూ ఉందన్నమాట. బరువు పెరిగితే ముప్పు పెరుగుతుంది. పెద్ద జాతుల్లో మరీ చిన్న వయసులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికీ దీనికీ సంబంధం ఉన్నట్టు అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో గోల్డెన్ రిట్రీవర్ల మీద జరిగిన పరిశీలనలో తేలింది.

ఇక పరీక్ష సంగతి. పైన చెప్పినలాంటి ఒక లాబ్రడార్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఆరేళ్ల మగకుక్క, ముప్పై ఎనిమిది కిలోలు. మూడు వారాలుగా కుంటుతోంది. వైద్యుడు ముందు దాన్ని నడిపించి చూస్తాడు, తర్వాత కూర్చోబెడతాడు. మామూలు కుక్క కాళ్లు రెండూ కిందికి ముడుచుకుని సమంగా కూర్చుంటుంది. ఇది మాత్రం కుడికాలు పక్కకు చాపి కూర్చుంది. రెండు తొడలూ చేత్తో పట్టి పోలిస్తే కుడి తొడ సన్నబడింది. కుడి మోకాలి లోపలి వైపు గట్టిగా, దళసరిగా తగిలింది. ఆ దళసరితనం కొత్తగా వచ్చేది కాదు, వారాల తరబడి కీలు వదులై ఉంటేనే అక్కడ అలా పేరుకుంటుంది. కాబట్టి మూడు వారాల కుంటు వెనక అంతకుముందు నుంచీ ఏదో నడుస్తోందని అక్కడే అర్థమైపోతుంది.

అసలు పరీక్ష డ్రాయర్ టెస్ట్. కుక్కను పక్కకు పడుకోబెడతారు. ఒక చేతి చూపుడువేలు మోకాలి చిప్ప మీద, అదే చేతి బొటనవేలు తొడ ఎముక చివర వెనక ఉండే ఫాబెల్లా అనే గింజంత ఎముక మీద పెడతారు. రెండో చేతి చూపుడువేలు టిబియా ముందు భాగంలో ఉబ్బెత్తుగా ఉండే చోట, బొటనవేలు దాని పక్క ఎముకైన ఫిబులా తల వెనక ఉంటాయి. తొడ ఎముకను కదలకుండా పట్టుకుని టిబియాను ముందుకు నెడతారు. లిగమెంట్ బాగుంటే అది కదలదు. తెగితే బల్ల సొరుగు లాగినట్టు టిబియా ముందుకు జరుగుతుంది. పరీక్షకు ఆ పేరు వచ్చింది అందుకే.

చెప్పుకోవడానికి ఇంత తేలిగ్గా ఉన్నా చేతికి అంత తేలిగ్గా చిక్కదు. మన లాబ్రడార్‌కు మొదటిసారి మెలకువలో ఉండగానే చేశారు. ఏమీ కదల్లేదు. నొప్పితో భయపడి తొడ కండరాలు బిగపట్టిన ముప్పై ఎనిమిది కిలోల కుక్క దగ్గర వైద్యుడి వేళ్ల బలం చాలదు. ఆ బిగుతే ఎముకను పట్టేస్తుంది. అలాంటప్పుడు “డ్రాయర్ లేదు” అన్న మాటకు “లిగమెంట్ బాగుంది” అని అర్థం తీసుకోకూడదు. ఈ ఒక్క పొరపాటు వల్ల చాలా కుక్కలు నెలల తరబడి నొప్పి మాత్రలతో గడిపేస్తాయి.

వారం తర్వాత మత్తు ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ చేశారు. కాలు చాచి ఉంచి నెడితే టిబియా కదల్లేదు. మోకాలు వంచి నెడితే మూడు నాలుగు మిల్లీమీటర్లు జరిగింది. ఈ తేడాలోనే రోగం ఎంతవరకు వచ్చిందో ఉంది. ఆ లిగమెంట్ ఒకే తాడు కాదు, రెండు పాయలు కలిసినది. ముందువైపు పాయ కాలు చాచినా వంచినా బిగుతుగానే ఉంటుంది. వెనకవైపు పాయ కాలు చాచినప్పుడే బిగుసుకుని, వంచితే వదులవుతుంది. ముందు పాయ మాత్రమే తెగితే, కాలు చాచినప్పుడు వెనక పాయ అడ్డుకుంటుంది. వంచినప్పుడు అడ్డుకునేది ఏదీ ఉండదు, కాబట్టి ఎముక కదులుతుంది. అంటే ఈ లాబ్రడార్‌కు లిగమెంట్ సగమే తెగింది. మిగిలిన సగం ఇవాళో రేపో తెగేదే. రెండు పాయలూ తెగితే ఏ కోణంలో నెట్టినా ఎముక జారుతుంది.

వైద్యుణ్ని తికమకపెట్టే సందర్భాలు ఇంకా కొన్ని ఉన్నాయి. నాలుగైదు నెలల పిల్లల్లో కీళ్లు సహజంగానే కాస్త వదులు. ఒకటి రెండు మిల్లీమీటర్లు కదిలి, చివర టక్కున ఆగిపోతే అది జబ్బు కాదు. రెండో కాలికీ అలాగే ఉందేమో పోల్చి చూడాలి. తెగిన లిగమెంట్ అయితే ఆ ఆగడం మెత్తగా, ఎక్కడ ఆగిందో తెలియనట్టు ఉంటుంది. పాతబడిన కేసుల్లో దీనికి పూర్తిగా తలకిందులు. లిగమెంట్ మొత్తం తెగినా కీలు చుట్టూ మచ్చ కణజాలం గట్టిపడి ఎముకను కదలనివ్వదు. నెట్టేటప్పుడు టిబియా లోపలికి తిరిగినా జరిగినట్టే అనిపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు రెండో పరీక్ష కూడా చేస్తారు. మోకాలు నిలబడిన కోణంలో ఉంచి, టిబియా ముందు ఉబ్బు మీద వేలు పెట్టి, కింద మడమ కీలును వంచుతారు. లిగమెంట్ లేకపోతే ఆ ఉబ్బు వేలి కింద ముందుకు పొడుచుకొస్తుంది. కుక్క బరువు మోపినప్పుడు జరిగేదే చేతిలో జరుగుతుందన్నమాట.

ఎక్స్‌రేలో లిగమెంట్ కనబడదు. అయినా ఎక్స్‌రే తీయాల్సిందే. కీలులో నీరు చేరి ముందున్న కొవ్వు పొరను పక్కకు నెట్టడం, చిప్ప చివరల్లో కొత్త ఎముక ముక్కలు పెరగడం అందులో తెలుస్తాయి. ఆపరేషన్‌కు కావలసిన అసలు సంఖ్య అయిన టిబియా వాలు కొలిచేదీ అందులోనే. మన లాబ్రడార్‌కు అది ఇరవై ఆరు డిగ్రీలు వచ్చిందనుకుందాం.

ఇప్పుడు ఏం చేయాలి? ఇక్కడ అన్నిటికన్నా ముందు చూడాల్సింది బరువు. 1984లో వాసర్ అనే అమెరికన్ పశువైద్యుడు ఆపరేషన్ లేకుండా వదిలేసిన 85 కుక్కల ఫలితాలు ప్రచురించాడు. పదిహేను కిలోల లోపు కుక్కల్లో దాదాపు 86 శాతం ఆర్నెల్లకల్లా బాగుపడ్డాయి లేదా మెరుగయ్యాయి. అంతకన్నా బరువున్నవాటిలో అలా అయినవి 19 శాతమే. ఆ పదిహేను కిలోల గీత ఇప్పటికీ పశువైద్యుల మాటల్లో వినిపిస్తుంది. అదేమీ దేవుడు గీసిన గీత కాదనుకోండి. చిన్న కుక్కకు కీలు మీద పడే బరువు తక్కువ, మచ్చ కణజాలం దాన్ని పట్టి ఉంచగలదు. పెద్ద కుక్కకు ఆ కణజాలం చాలదు.

అందుకే చిన్నవాటికి ఎక్కువగా చేసేది లాటరల్ సూచర్. తెగిన లిగమెంట్‌ను కుట్టరు, దాని చోట ఏదీ పెట్టరు. కీలు బయట, ఫాబెల్లా చుట్టూ గట్టి నైలాన్ తీగ వేసి, టిబియా ముందు భాగంలో వేసిన రంధ్రంలోంచి తీసి బిగిస్తారు. 1970లో డి యాంజెలిస్, లావ్ అనే ఇద్దరు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఈ తీగ ఎప్పటికీ ఉండేది కాదు. కొన్ని నెలల్లో వదులవుతుంది, తెగినా తెగుతుంది. ఆ లోగా చుట్టూ పెరిగిన మచ్చ కణజాలమే కీలును పట్టుకోవాలి. ఆరు కిలోల పమేరియన్‌కు ఇది చక్కగా పనికొస్తుంది. ముప్పై ఎనిమిది కిలోల లాబ్రడార్‌లో ఆ కణజాలం గట్టిపడేలోపే తీగ వదులైపోయే ప్రమాదం ఎక్కువ.

పమేరియన్ దగ్గర ఇంకో చిక్కుంది. ఈ జాతిలో మోకాలి చిప్ప పక్కకు జారే జబ్బు మామూలు. కుక్క నాలుగడుగులు వేసి ఒక అడుగు ఎగరేసి మళ్లీ మామూలుగా నడుస్తుంది. ఏళ్ల తరబడి అలా నడిచిన కుక్కకు ఒకరోజు కాలు పూర్తిగా ఎత్తేసే కుంటు వస్తే, అది పాత జబ్బే అనుకోకుండా డ్రాయర్ టెస్ట్ చేయించాలి. రెండూ ఒకే మోకాల్లో ఉంటే రెండింటినీ ఒకే ఆపరేషన్‌లో సరిచేయాలి. చిన్న కుక్కల్లో కొన్నిటికి వాలు ముప్పై డిగ్రీలు దాటుతుంది. వాటి విషయంలో బరువు తక్కువ కదా అని తీగతో సరిపెట్టకుండా, పెద్ద కుక్కలకు చేసే ఆపరేషనే చిన్న ప్లేటుతో చేసే సర్జన్లూ ఉన్నారు.

ఆ పెద్ద ఆపరేషన్ పేరు టీపీఎల్ఓ. దీన్ని తెచ్చినవాడు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన బార్క్లే స్లోకమ్. ఆయనకు ముందు అందరూ తెగిన లిగమెంట్ చోట ఇంకొకటి పెట్టడం గురించే ఆలోచించారు. ఫిన్లాండ్‌లో పాట్సామా 1952లోనే తొడ కండరం మీది పొర తీసి కీలులోంచి దూర్చి కట్టాడు. స్లోకమ్ మాత్రం లిగమెంట్ తెగడానికి వాలే మూలమైతే ఆ వాలునే తీసేద్దామనుకున్నాడు. 1993లో ఆయన ప్రచురించిన పద్ధతి ప్రకారం, టిబియా పై భాగాన్ని అర్ధచంద్రాకారపు రంపంతో కోసి, ఆ ముక్కను వెనక్కి తిప్పి, వాలును దాదాపు ఐదు డిగ్రీలకు తెచ్చి, ప్లేటూ స్క్రూలతో బిగిస్తారు. స్లోకమ్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఒక ఆపరేషన్‌కు పేటెంటా అని అప్పట్లో చాలామంది సర్జన్లు గుర్రుమన్నారు.

మన లాబ్రడార్‌కు లెక్క ఇలా ఉంటుంది. వాలు ఇరవై ఆరు, రావాల్సింది ఐదు. అంటే ఇరవై ఒక్క డిగ్రీలు తిప్పాలి. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రంపం వాడితే, కోసిన గీత వెంట పై ముక్క తొమ్మిది మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ జరగాలి. సర్జన్ ఎముక మీద రెండు గుర్తులు పెట్టుకుని అవి కలిసే దాకా తిప్పుతాడు. అంతకుముందే కీలు తెరిచి మెనిస్కస్ చూడాలి. రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి ఇది. లిగమెంట్ తెగిన మోకాల్లో ఎముక జారినప్పుడల్లా లోపలివైపు మెనిస్కస్ వెనక భాగం నలిగి చిరుగుతుంది. నడిచేటప్పుడు కొన్ని కుక్కల మోకాల్లో టక్కుమనే చప్పుడు వినిపించేది అందుకే. చిరిగిన ముక్కను తీయకుండా ఎముక ఒక్కటే సరిచేస్తే నొప్పి పోదు.

ఈ ఆపరేషన్ అయ్యాక కుక్క మీద డ్రాయర్ టెస్ట్ చేస్తే ఎముక ఇంకా జారుతుంది! ఆపరేషన్ పాడైందని కంగారుపడే యజమానులు ఉంటారు. కానీ అందులో తప్పేమీ లేదు. లిగమెంట్ తిరిగి పెట్టలేదు కాబట్టి చేత్తో నెడితే ఎముక జరుగుతుంది. బరువు మోపినప్పుడు మాత్రం వాలు లేదు కాబట్టి జరగదు. అందుకే ఆపరేషన్ తర్వాత మడమ వంచి చేసే రెండో పరీక్షనే నమ్మాలి. దీనికి దగ్గరి బంధువు లాంటిది టీటీఏ. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో టిబియా ముందు ఉబ్బును కోసి ముందుకు జరుపుతారు. తొడ కండరం లాగే దిశ మారి అదే తోపును అణుస్తుంది. వాలు మరీ ఎక్కువున్న కుక్కలకు ఇది అంతగా కుదరదు.

తీగా, ఎముక కోతా అన్న వాదన ఇప్పటికీ ఉంది. 2013లో అమెరికన్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో ఎనభై కుక్కలను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి రెండు ఆపరేషన్లూ చేశారు. ఏడాది తర్వాత టీపీఎల్ఓ చేసిన కుక్కలు కాలు ఎక్కువ బలంగా మోపాయి. ఫలితానికి పదికి తొమ్మిదో పదో మార్కులు వేసిన యజమానులు టీపీఎల్ఓ గుంపులో 93 శాతం, తీగ గుంపులో 75 శాతం. తీగ గుంపు అంకెను చూసి అది చెత్త ఆపరేషన్ అనడం అన్యాయం. కాకపోతే పెద్ద కుక్కకు, ఖర్చు భరించగలిగితే, టీపీఎల్ఓ వైపే మొగ్గాలనడానికి ఇది గట్టి ఆధారం.

వయసు దగ్గరికొస్తే కథ మారుతుంది. ఎదిగే పిల్లలో లిగమెంట్ కన్నా దాన్ని పట్టుకున్న ఎముకే బలహీనం. కాబట్టి ఐదు నెలల పిల్లకు దెబ్బ తగిలితే లిగమెంట్ తెగకుండా ఎముక ముక్కతో సహా ఊడి రావచ్చు. ఎక్స్‌రేలో ఆ ముక్క కనబడుతుంది, తొందరగా గుర్తిస్తే తిరిగి బిగించవచ్చు. లిగమెంటే దెబ్బతింటే టీపీఎల్ఓ చేయడానికి వీల్లేదు, ఎందుకంటే టిబియా పైన ఎముక పెరిగే పొర ఇంకా తెరుచుకునే ఉంటుంది. దాని మీదుగా కోస్తే కాలు వంకరపోతుంది. ఇక్కడ సర్జన్లు ఎదుగుదలనే ఆయుధం చేసుకుంటారు. పెరిగే పొర ముందు భాగంలోకి ఒక్క స్క్రూ బిగిస్తే ముందు పెరగడం ఆగుతుంది, వెనక పెరుగుతూనే ఉంటుంది. కొన్ని నెలల్లో వాలు దానంతటదే తగ్గుతుంది. అయితే ఎదుగుదల ఇంకా బాగా మిగిలి ఉండాలి, నాలుగు నుంచి ఆరు నెలల వయసు అందుకు అనువైనది. ఏడాదికి దగ్గరపడిన పిల్లకు దీనివల్ల పెద్దగా లాభం లేదు. వాలు మరీ తగ్గిపోకుండా మధ్యమధ్యలో ఎక్స్‌రే తీస్తూ ఉండాలి.

ముసలి కుక్కకు వయసొక్కటే అడ్డు కాదు. పన్నెండేళ్ల లాబ్రడార్ గుండె, కిడ్నీలు బాగుంటే మత్తు తట్టుకుంటుంది, ఎముక మాత్రం నెమ్మదిగా అతుక్కుంటుంది. ముందు రక్తపరీక్షలు చేయించాలి. కుషింగ్ అనే హార్మోన్ జబ్బు ఉంటే లిగమెంటూ కండరమూ బలహీనపడి ఉంటాయి, పుండు మానదు. ఆపరేషన్‌కు లొంగని కుక్కకు బరువు తగ్గించడం, నొప్పి మందు, కొలత ప్రకారం నడకే దారి. ఇరవై కిలోలు దాటిన లావు కుక్కల మీద జరిగిన ఒక పరిశీలనలో ఇలా బరువు తగ్గించి వ్యాయామం చేయించినవాటిలో దాదాపు మూడింట రెండు వంతులు ఏడాదికి బాగానే ఉన్నాయి. ఆపరేషన్ కూడా చేసినవాటిలో నాలుగింట మూడు వంతులు. వాసర్ అంకెల కన్నా ఇది చాలా నయం. తేడా ఎక్కువగా బరువు తగ్గించడంలోనే ఉందేమో అనిపిస్తుంది.

టీపీఎల్ఓ తర్వాత మన లాబ్రడార్ రెండు వారాల్లోపే వేళ్లు నేలకు ఆనించడం మొదలుపెట్టాలి. ఎనిమిది వారాలు గొలుసు మీదే నడక. మెట్లు, సోఫా, దూకుడు ఏవీ ఉండకూడదు. మన ఇళ్లలో మార్బుల్, టైల్స్ నేల దీనికి శత్రువు, పాత దుప్పట్లు పరవడం మంచిది. ఎనిమిదో వారంలో ఎక్స్‌రే తీసి ఎముక అతికిందని తేలాకే గొలుసు విప్పాలి. బాగా నడుస్తున్న కుక్క ఒక్కసారిగా మళ్లీ కుంటితే మెనిస్కస్ చిరిగిందేమో చూడాలి. కుట్ల దగ్గర వాపు, చీము వస్తే ప్లేటు దగ్గర ఇన్ఫెక్షన్. ఏ దశలోనూ మనుషులు వేసుకునే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ ఇవ్వకండి. వాటివల్ల కుక్కలకు కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

ఒక మోకాలి లిగమెంట్ తెగిన కుక్కల్లో సగానికి అటూ ఇటుగా ఒకటి రెండేళ్లలో రెండోదీ తెగుతుంది. కాబట్టి ఆపరేషన్ గురించి మాట్లాడేటప్పుడే మీ పశువైద్యుణ్ని ఈ ప్రశ్నలు అడగండి. డ్రాయర్ టెస్ట్ మత్తిచ్చి చేశారా? కాలు వంచినప్పుడూ చాచినప్పుడూ ఏం తేలింది? వాలు ఎన్ని డిగ్రీలు? మెనిస్కస్ చూస్తారా? రెండో మోకాలు ఎలా ఉంది? వీటికి జవాబు వచ్చాకే ఏ ఆపరేషన్ అన్నది తేల్చుకోండి. ఈలోగా కుక్క బరువు చూసి, ఎక్కువుంటే తిండి తగ్గించడం ఇవాళే మొదలుపెట్టండి.